మా అమ్మాయి కత్తిరింపుల పుస్తకం, మా ఇంట్లో గొడవ

అల్లవరం_నాన్న

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. రొయ్యల చెరువుల వల్లే మా వైపు బోర్లన్నీ ఉప్పయిపోయాయని దాని వాదన. ఏడాది బట్టి పేపర్లో అలాంటి వార్త ఎక్కడ పడినా కత్తిరించి పాత లెక్కల నోట్సులో అంటిస్తోంది. ఇప్పటికి 17 అయ్యాయి.

మా బావమరిదికి నాలుగెకరాల చెరువుంది. పండక్కొచ్చినప్పుడు ఆ పుస్తకం తెచ్చి విస్తరి పక్కన పెట్టి, "పదిహేడు సాక్ష్యాలు మావయ్యా" అంది. ఆయన పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయాడు. మా ఆవిడ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు, అదేదో నేను నేర్పించినట్టు.

పిల్ల చెప్పేది తప్పని నేననను. నాకు తెలీదు. కానీ ఒకటి గమనించాను. మే నెలలో, కాలువలు కట్టేశాక సముద్రం వైపు ఊళ్లలో నీళ్లు ఉప్పెక్కుతున్నాయని ఒక వార్త వచ్చింది. అందులో చెరువుల మాటే లేదు. అది వచ్చిన పేజీలోనే దీనికి కావలసిన కత్తిరింపు ఇంకోటుంది. కత్తెర దాని చుట్టూ శుభ్రంగా తిరిగింది, పక్కదాని జోలికి పోలేదు. "అది చూళ్లేదా అమ్మా" అంటే, "చూశాను, అది మామూలు వార్త" అంది.

దీన్ని కన్ఫర్మేషన్ బయాస్ అంటారని ఎక్కడో చదివి దానికి చెప్పబోయాను. "నువ్వు ధరల పేజీ తప్ప ఏం చదివావు నాన్నా, ముందు నీది చూసుకో" అంది. గొడవ పడకుండా పదహారేళ్ల పిల్లకి ఇది ఎలా చెప్పాలి?

గట్టుమీద_గోపి

ఒకే పేపరు వేయించుకుంటే ఇంతేనండి. ఇంకోటి కూడా వేయించండి. రెండు వైపులా చదివితే దానంతటదే సర్దుకుంటాది.

పూతరేకు

మా ఇంట్లో మూడొస్తాయి గోపి గారూ. మావారొకటి, మావగారొకటి, నేనొకటి. సర్దుకోవడం మాట దేవుడెరుగు, కాఫీల దగ్గర మూడు దేశాల వాళ్లం కూచున్నట్టుంటాం.

టిన్ను_శీను

అల్లవరం వైపయితే బోరు నీళ్లు తాగకండి. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చెప్పే టీడీఎస్ చూపించుకోండి. మన దేశపు తాగునీటి ప్రమాణంలో లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచివే, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఓర్చుకోవచ్చు, ఆపైన వద్దు. మా ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్ను ఇంటికే పంపిస్తాం.

అల్లవరం_నాన్న

శీను గారూ, నేనడిగింది నీళ్ల గురించి కాదండి, పిల్ల గురించి.

టిన్ను_శీను

పిల్లకి కూడా మంచిదేనండి టిన్ను.

లంకపిల్లోడు

ఇదంతా ఫోన్ చేసే పని. ఒక వీడియో చూస్తే అలాంటివే పది తోస్తాది. మన బుర్ర కాదు, దాని బుర్ర. ఫోన్ లాక్కోండి, వారంలో మామూలైపోద్ది.

పూతరేకు

లంకపిల్లోడూ, ఆ పిల్ల పేపరూ కత్తెరా జిగురూ పట్టుకుని కూచుందని పైన రాశారు. కత్తెర కూడా తోస్తుందా?

రాజోలు_మాస్టారు

డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లు సైకాలజీ చెప్పాను. నాన్నగారూ, ముందు ఒక మాట. మీ అమ్మాయి పుస్తకంలో అబద్ధమంటూ ఒక్కటీ ఉండకపోవచ్చు. 17కి 17 నిజమే అయ్యుండొచ్చు. "నువ్వు తప్పుడు వార్తలు చదువుతున్నావు" అని మొదలెడితే మీరు అక్కడే ఓడిపోతారు, ఎందుకంటే ఆ మాట అబద్ధం కనక. చిక్కు ఆ పదిహేడింట్లో లేదు. పుస్తకంలోకి రానివాటిలో ఉంది.

ఒక తెల్లకాగితం తీసుకుని రెండు గీతలు అడ్డంగా, నిలువుగా గీయండి. నాలుగు గళ్లొస్తాయి. మొదటి గడిలో, పక్కన చెరువుండి నీరు ఉప్పైన బోర్లు. రెండో దాంట్లో, చెరువుండి కూడా తియ్యగా ఉన్న బోర్లు. మూడోది, దరిదాపుల్లో చెరువు లేకపోయినా ఉప్పైనవి. నాలుగోది, చెరువూ లేదు, ఉప్పూ లేదు. ఇప్పుడు ఆ 17 కత్తిరింపుల్నీ ఏ గడివి ఆ గడిలో పెట్టమనండి. మీరేం అనకండి. పక్కన కూచోండి, అంతే.

అల్లవరం_నాన్న

పెట్టించాను మాస్టారూ. పదిహేడూ మొదటి గడే. మిగతా మూడూ ఖాళీ. చాలాసేపు చూసి, "మిగతావి పేపర్లో రాలేదు, వస్తే నేను కత్తిరించేదాన్ని" అంది. మే నెల వార్త గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను.

జిల్లాపేజీ

ఆ పిల్ల అన్నదాంట్లో సగం నిజం ఉందండి. మండలం నుంచి వార్తలు పంపడం నా పని. చెరువు పక్కన బోరు ఉప్పయిందని ఊరోళ్లు బిందెలు పట్టుకుని రోడ్డెక్కితే నాకు ఫోనొస్తుంది. వెళ్తాను, ఫొటో తీస్తాను, బాక్సు ఐటమ్ అవుతుంది. చెరువు పక్కనే ఉన్న బోరులో నీళ్లు బాగానే ఉన్నాయని ఇన్నేళ్లలో ఒక్కడూ ఫోన్ చేయలేదు. చేసినా పంపను. పంపితే డెస్కులో ఉన్న ఆయన నా ఆరోగ్యం గురించి అడుగుతాడు.

మూడో గడి కూడా అంతే. చెరువు లేని ఊళ్లో నీరు ఉప్పయితే తిట్టడానికి మనిషి కావాలి కదా. సముద్రాన్ని తిడుతూ ధర్నా చేయలేరు. కాబట్టి అది ఎండాకాలంలో ఒక సింగిల్ కాలమ్, అదీ చోటుంటే.

గట్టుమీద_గోపి

అంటే రెండో పేపరు వేయించినా మొదటి గడే నిండుద్దంటారా?

జిల్లాపేజీ

రెండో పేపరు వాడూ నేనూ ఒకే బండి మీద వెళ్తాం గోపి గారూ. పెట్రోలు సగం సగం.

రాజోలు_మాస్టారు

ఈ ఖాళీ గళ్ల సంగతి పాతదే. ఫ్రాన్సిస్ బేకన్ 1620లో రాసిన దాంట్లో ఒక కథ చెబుతాడు. ఓడ మునుగుతుంటే మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్ల బొమ్మలు గుళ్లో వేలాడదీశారు. ఒకాయన్ని తీసుకెళ్లి అవి చూపించి, ఇప్పటికైనా దేవుళ్ల మహిమ ఒప్పుకుంటావా అన్నారు. "మరి మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడ పెట్టారు" అన్నాడాయన.

మీ అమ్మాయి కత్తెర తప్పొకటుంది, పేపరు తప్పొకటుంది. రెండూ ఒకే వైపు వాలాయి కాబట్టి వేటికవి కనపడవు. పేపరు ముందే మొదటి గడి ఏరి పెట్టింది. ఎప్పుడో ఒకసారి మూడో గడి వార్త వస్తే, దాన్ని ఈ పిల్ల "మామూలు వార్త" అంది. దాచిపెట్టలేదు, గమనించండి. చూసింది. కంటపడింది గానీ మనసుకి పట్టలేదు.

పదిహేడు_కాగితాలు

నేనే ఆ "పిల్ల". నాన్న ఇక్కడ నా గురించి రాస్తున్నాడని అమ్మ చెప్పింది.

నాలుగు గళ్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ వార్త రాలేదు కాబట్టి మిగతా మూడు గళ్లలో కూడా బోర్లున్నాయని మీకెలా తెలుసు? నిజంగానే ఖాళీ అయ్యుండొచ్చుగా.

రాజోలు_మాస్టారు

శభాష్. ఉండొచ్చు, లేకపోవచ్చు. పేపరు చదివి మాత్రం తేల్చలేవు. నీ ఫ్రెండ్స్ ఇళ్లు, చుట్టాల ఇళ్లు ఎన్నున్నాయి చుట్టుపక్కల? చెరువున్నా లేకపోయినా వరసపెట్టి వెళ్లు. వెళ్లేముందు రెండు విషయాలు పుస్తకంలో రాసుకో. ఎంత దాటితే ఉప్పనాలి? ఎంత దూరంలో ఉంటే "చెరువు పక్కన" అనాలి? చూశాక కాదు, చూడకముందు రాయాలి.

టిన్ను_శీను

మీటరు నేనిస్తాను పాపా. పెన్నులా ఉంటాది, నీళ్లలో ముంచితే అంకె చూపిస్తాది. (చూశారా, నీళ్ల దగ్గరికే వచ్చింది కథ.)

పూతరేకు

ఇంతకీ బావమరిదిగారికి కోపం తగ్గిందా?

అల్లవరం_నాన్న

లేదండి. చెల్లెలికి ఫోన్ చేస్తాడు, నేనెత్తితే రాంగ్ నంబరంటాడు.

గట్టుమీద_గోపి

నా మాటకి ఇంకా సమాధానం రాలేదండి. సరే, మా జిల్లాలో పేపర్లన్నీ ఒక బండి మీదే తిరుగుతాయి. కానీ మామూలుగా, రాజకీయాల్లాంటి వాటిలో, రెండు వైపులా చదివితే మనిషి మధ్యకి రాడా? ఎవడైనా వస్తాడు కదా.

రాజోలు_మాస్టారు

అందరూ అలాగే అనుకుంటారు గోపీ. 1979లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించారు. ఉరిశిక్ష ఉండాలనే విద్యార్థులు 24 మంది, వద్దనేవాళ్లు 24 మంది. అందరికీ అవే రెండు పరిశోధనలిచ్చారు. ఒకటి శిక్ష ఉంటే హత్యలు తగ్గాయంటుంది, ఇంకోటి తగ్గలేదంటుంది. రెండూ ప్రయోగం కోసం వీళ్లే తయారుచేసినవి. ఒకదాంట్లో చట్టం రాకముందూ వచ్చాకా లెక్కలు పోల్చారు. ఇంకోదాంట్లో పక్కపక్క రాష్ట్రాలని పోల్చారు. తెలివంతా ఇక్కడుంది: ఏ పద్ధతి ఏ ఫలితాన్నిచ్చిందో సగం మందికి తారుమారు చేశారు.

ఏమైందనుకున్నావు? తన పక్షానికి పనికొచ్చిన పరిశోధన వచ్చేసరికి ప్రతివాడూ "బాగా చేశారు" అన్నాడు. ఎదురు తగిలినదానికి మాత్రం బొక్కలు వెతికాడు. ఆ ఏడాది వేరే కారణాలు లేవా, ఆ రెండు రాష్ట్రాలూ ఒకలాంటివేనా అని. అవి మంచి ప్రశ్నలే, కాదనను. కానీ అదే పద్ధతి తనకి అనుకూలంగా వస్తే ఆ ప్రశ్న నోటికి రాలేదు. చివర్లో అడిగితే, రెండు వైపులా చదివినవాళ్లు మధ్యకి రాకపోగా, తమ పాత అభిప్రాయమే ఇంకా గట్టిపడిందన్నారు.

కాబట్టి నువ్వు రెండో పేపరు తెప్పించుకున్నా దాన్ని చదివేది నువ్వే.

బెంగళూరు_కాకినాడోడు

దీనికి దగ్గరదే ఇంకోటి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో ట్విట్టర్ వాడే అమెరికన్లకి డబ్బులిచ్చి, ఎదుటి పక్షం వాళ్ల పోస్టులు పెట్టే ఖాతాని నెల్లాళ్లు ఫాలో అవమన్నారు. రిపబ్లికన్లు ఇంకా కుడివైపుకి జరిగారు. డెమోక్రాట్లు ఎడమవైపుకి జరిగినట్టు కొంచెం కనపడింది గానీ అంత తక్కువ తేడాని పట్టుకుని ఏమీ చెప్పలేం.

కానీ మాస్టారూ, దీన్ని పట్టుకుని "ఎదుటి పక్షం చదవడం దండగ" అంటే నేనొప్పుకోను. ట్విట్టర్లో ఎదుటి పక్షం నాయకుల అరుపులు వినడం వేరు, తీరిగ్గా రాసిన వ్యాసం చదవడం వేరు.

రాజోలు_మాస్టారు

దండగని నేనూ అనను. అది చాలదన్నాను.

లంకపిల్లోడు

మరైతే ఫోన్ తప్పేం లేదా??

బెంగళూరు_కాకినాడోడు

ఉంది. నువ్వు నొక్కిందే మళ్లీ మళ్లీ తెచ్చిపెడుతుంది. కానీ నొక్కింది నువ్వు. మా నాన్న ఫోన్ లేని రోజుల్లో కూడా రేడియోలో సగం వార్తలే వినేవాడు, తనకి నచ్చనిది మొదలైతే గొళ్లెం సరిచేయడానికి లేచేవాడు.

నాలుగో_ఏరేటర్

ఇన్ని రోజులూ చదివి ఊరుకున్నాను. నాది కాట్రేనికోన వైపు, వనామీ రొయ్యలు వేస్తాను. సీడు, మేత, కరెంటు ఖర్చులన్నీ పెరిగి, కౌంటు రేటు పడిపోయి, తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు ఖాళీ చేసుకున్న రోజు ఒక్క విలేకరీ రాలేదు. బోరు ఉప్పంటే మాత్రం బండేసుకొస్తారు.

ఒక్క మాటడుగుతాను ఆ పాపని. మా పొలం చెరువు తవ్వకముందే చౌడు. మా నాన్న వరేస్తే సగం పంట ఎర్రబడిపోయేది. నీరు ఉప్పుగా ఉంది కాబట్టే చెరువు తవ్వాం. అంతేగానీ, చెరువు తవ్వినందుకు ఉప్పైంది కాదు. పక్కపక్కన రెండూ కనిపిస్తే ఏది ముందొచ్చిందని అడగరా?

అల్లవరం_నాన్న

చాలా బాగా చెప్పారండి. నేను మొదట్నుంచీ ఇదే అనుకుంటున్నాను.

పదిహేడు_కాగితాలు

నాన్నా, నువ్వు మొదటి పోస్టులో "నాకు తెలీదు" అని రాశావు. పైకెళ్లి చూసుకో.

ఆయన చెప్పింది మంచి ప్రశ్నే, కొట్టిపారేయను. కానీ చెరువు తవ్వకముందు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో లెక్క ఉందా అని నువ్వు అడగలేదు. నేను చెబితే ఆరు ప్రశ్నలేస్తావు, ఆయన చెబితే వెంటనే "చాలా బాగా చెప్పారు". మావయ్య చెరువు నీక్కూడా ఒక గడేనా?

పూతరేకు

అయ్యబాబోయ్.

రాజోలు_మాస్టారు

నాన్నగారూ, నొచ్చుకోకండి, పిల్ల సరిగ్గా పట్టుకుంది. మనకి నచ్చే మాట వస్తే "దీన్ని నమ్మొచ్చా" అనడుగుతాం, ఒక్క కారణం దొరికితే చాలు. నచ్చనిది వస్తే "దీన్ని నమ్మి తీరాలా" అనడుగుతాం, ఒక్క అనుమానం దొరికితే చాలు. రెండు వాకిళ్లు, రెండు రకాల కాపలా.

ఏరేటర్ గారి మాటలో విషయముంది. డెల్టాలో తీరం వైపు నేల ఒకప్పుడు సముద్రమే, లోతుకెళ్లేకొద్దీ పాత ఉప్పునీరు తగులుతుంది. పైపైన ఇసకలో, కాలువల పక్కన, తీపినీరు ఒక పొరలా తేలుతుంటుంది. అందుకే ఒకే వీధిలో తక్కువ లోతు ఫిల్టర్ పాయింటు తియ్యగానూ, లోతు బోరు ఉప్పగానూ ఉంటాయి. కానీ చెరువుల్లోంచి ఉప్పునీరు పక్కకి ఊరదని దీనర్థం కాదు. రెండూ ఒకే ఊళ్లో ఉండొచ్చు.

నాలుగో_ఏరేటర్

ఊరదని నేననలేదు మాస్టారూ. గట్టు సరిగ్గా వేయనివాళ్లున్నారు. మా వాళ్లలోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

పదిహేడు_కాగితాలు

తొమ్మిది రోజులు పట్టింది. 24 బోర్లు చూశాను. వెళ్లకముందు రాసుకున్నది: మీటరులో 2000 దాటితే ఉప్పు, చెరువు గట్టు వంద అడుగులేస్తే వచ్చేంత దగ్గరుంటే పక్కన.

చెరువు పక్కన 13. వాటిలో ఉప్పు 10.
దూరంగా 11. వాటిలో ఉప్పు 5.

కాబట్టి మూడు గళ్లూ ఖాళీ కాదు, అది నా తప్పు. కానీ తేడా కూడా చూడండి. పదమూడింట పది ఎక్కడ, పదకొండింట ఐదెక్కడ.

టిన్ను_శీను

మీటరు జాగ్రత్తగా కడిగావా పాపా, ఒక బోరు నుంచి ఇంకో బోరుకి?

పదిహేడు_కాగితాలు

కడిగాను.

అన్నిటికీ కడగలేదు. చెరువు పక్కన బోరులో తక్కువొస్తే కడిగి మళ్లీ ముంచాను. ఎక్కువొస్తే రాసుకుని వచ్చేశాను. ఇది ఇప్పుడు మీరడిగితే గుర్తొచ్చింది.

రాజోలు_మాస్టారు

ఈ మాట చెప్పడానికి దమ్ముండాలమ్మా. ఇంకోటి అడుగుతాను. 2000కి అటూ ఇటూ దగ్గరగా వచ్చినవి ఏవైనా ఉన్నాయా? వాటినేం చేశావు?

పదిహేడు_కాగితాలు

రెండున్నాయి. చెరువు పక్కన ఒకటి 1840. దాదాపు రెండు వేలే కదా, ఎండ ముదిరితే దాటుతుంది కదా అని ఉప్పులో వేశాను. దూరంగా ఉన్నది ఒకటి 2150. ఆ ఇంటావిడ బకెట్టు మురిగ్గా ఉంది, మీటరు తేడా ఏమోనని ఉప్పు కాదన్నాను.

రాజోలు_మాస్టారు

సరే. ఇప్పుడు తిరగేసి చూడు. చెరువు పక్కన 2150 వచ్చి ఉంటే బకెట్టు మురికి అనేదానివా? దూరంగా 1840 వస్తే ఎండ ముదిరితే దాటుతుందనేదానివా?

పదిహేడు_కాగితాలు

అనేదాన్ని కాదు.

రెండూ నేను ముందు రాసుకున్న గీత ప్రకారం మార్చాను. చెరువు పక్కన 13లో 9. దూరంగా 11లో 6.

బెంగళూరు_కాకినాడోడు

ఇది చూడండి అందరూ. 24లో రెండంటే రెండు బోర్లు. అవి అటూ ఇటూ జరిగితే పదీ ఐదూ కాస్తా తొమ్మిదీ ఆరైపోయింది. మొదటి లెక్కలో చెరువులదే తప్పని పెద్దక్షరాల్లో హెడ్డింగు పెట్టొచ్చు. రెండో లెక్కలో ఉన్న తేడా 24 బోర్లలో ఊరికే కూడా వచ్చేంతటిది. తను ఒక్క అంకె కూడా దొంగగా రాయలేదు.

జిల్లాపేజీ

మొదటిదైతే నేను హెడ్డింగు పెట్టేసేవాణ్ణే. "విద్యార్థిని సర్వేలో తేలిన నిజం". ఫొటోతో.

గట్టుమీద_గోపి

మరి జాగ్రత్తగా, పక్షపాతం లేకుండా చెయ్యమ్మా అని మొదటే చెప్పుంటే సరిపోయేది కదా మాస్టారూ. మీరు చెప్పలేదు.

రాజోలు_మాస్టారు

చెప్పినా ఒరిగేదేం లేదు గోపీ. ఆ స్టాన్‌ఫర్డ్ ప్రయోగం చేసినవాళ్లలో ఇద్దరు, ఇంకొకరితో కలిసి 1984లో మళ్లీ చేశారు. ఈసారి కొంతమందికి ముందే చెప్పారు, న్యాయమూర్తిలా నిష్పక్షపాతంగా చదవండి అని. వాళ్లు ఎప్పట్లాగే వాలారు. ఎవడికివాడు తను న్యాయంగానే ఉన్నాననుకుంటాడు కదా, ఆ మాట వాడికి తగలదు. ఇంకో గుంపుకి వేరేగా చెప్పారు. ప్రతిచోటా ఆగి, ఇదే పరిశోధన ఎదుటి ఫలితాన్నిచ్చి ఉంటే దీన్ని ఇలాగే మెచ్చుకునేవాణ్ణా, ఇలాగే తిట్టేవాణ్ణా అని అడుక్కోమన్నారు. వాళ్లలో ఆ వాలు కనపడలేదు. ఇందాక నేను బకెట్టు గురించి అడిగింది అదే.

పేపరు చదివేటప్పుడూ అంతే. మావయ్య వైపు వార్త చదివి "ఇది డబ్బిచ్చి రాయించారు" అనిపించిందనుకో. ఇదే విలేకరి ఇదే పద్ధతిలో నా వైపు రాసుంటే డబ్బు మాట నాకు తోచేదా?

జిల్లాపేజీ

మాస్టారూ, ఉదాహరణకి వేరే ఎవరూ దొరకలేదా.

నాలుగో_ఏరేటర్

తొమ్మిదీ ఆరూ అన్నారు కాబట్టి చెరువులది ఏమీ తప్పు లేదని తేలిపోయినట్టే.

బెంగళూరు_కాకినాడోడు

అలాక్కూడా తేలలేదండి. తప్పుందని చూపించడానికి ఈ లెక్క చాలదు, లేదని చూపించడానికీ చాలదు. ఏ బోరు లోతెంతో కూడా రాయలేదు తను. దూరంగా ఉన్న ఆరు ఉప్పు బోర్లూ లోతువైతే కథ వేరు. కాలువ పక్కనుండి తియ్యగా ఉన్నవెన్నో కూడా తెలీదు.

నాలుగో_ఏరేటర్

చూశారా, నా వైపు వస్తే మీకూ లోతులు గుర్తొస్తున్నాయి.

బెంగళూరు_కాకినాడోడు

... ఆ మాట నిజమే. తను మొదటి లెక్క చెప్పినప్పుడే అడగాల్సింది.

పూతరేకు

ఆయ్, అందరికీ అయింది. ఇంక మాస్టారొక్కరే మిగిలారు.

రాజోలు_మాస్టారు

నాదీ అయింది తల్లీ. నిన్నంతా ఈ చర్చ మా ఆవిడకి చదివి వినిపించాను, నా పోస్టులు మాత్రమే.

పదిహేడు_కాగితాలు

లోతులు అడగడానికి మళ్లీ వెళ్తాను. ఈసారి చెరువు పక్కదా కాదా అన్నది నా ఫ్రెండు వేరే కాగితంలో రాస్తుంది, నాకు చూపించదు. నేను ఇంట్లోకెళ్లి బకెట్లో మీటరు ముంచి అంకె రాసుకుంటాను. అన్నిటికీ రెండుసార్లు. కాకపోతే సగం ఇళ్లు నాకు ముందే తెలుసు, అదేం చేయాలో తెలీలేదు.

ఏరేటర్ గారూ, మీ నాన్నగారు వరేసినప్పటి మట్టి పరీక్ష కాగితం ఏదైనా ఉంటే ఫొటో పెట్టగలరా? ఉంటే నేను ఓడిపోయినా అంటిస్తాను, పద్దెనిమిదోది.

నాలుగో_ఏరేటర్

అటక మీద చూడాలి. ఒకటి ఉండేదని గుర్తు. మా అమ్మ పారేయకపోతే.

అల్లవరం_నాన్న

బావమరిదికి నేనే ఫోన్ చేశాను. ఆయన బోరు లోతెంతని అడిగితే, "ఎందుకు, దానికి పుస్తకంలో అంటించడానికా" అన్నాడు. అవునన్నాను. కాసేపాగి ఎనభై అడుగులన్నాడు. రాంగ్ నంబరనలేదు.

పదిహేడు_కాగితాలు

థాంక్స్ నాన్నా. ఇవాళ పేపర్లో ఐదో పేజీ లేదు, నువ్వేమైనా తీశావా?

అల్లవరం_నాన్న

నేను తియ్యలేదమ్మా. మీ అమ్మ పుణుకుల కింద వేసింది. నూనె కానంతవరకు చదవచ్చు, చెరువుల వార్తేదో ఉంది. సగమే కనిపిస్తోంది.